తెలిసిన పదానికే డిక్షనరీ తెరవండి

ఐఈఎల్‌టీఎస్‌కు చదివే పిల్లల నోటుపుస్తకాలు తిరగేస్తే ఎక్కువగా కనిపించేది కొత్త పదాల జాబితా. ఎడమవైపు ఎక్కడా వినని ఇంగ్లిష్ పదం, కుడివైపు తెలుగు అర్థం. రోజుకు ఇరవై చొప్పున నెల తిరిగేసరికి ఆరువందల పదాలు పోగవుతాయి. పరీక్షలో వాటిలో పది కూడా కలానికి రావు. వచ్చినవి కూడా పక్కన ఉండాల్సిన మాటలు లేకుండా వస్తాయి కాబట్టి వాక్యం కుంటుతుంది. ఈ శ్రమలో సగం పెట్టినా చాలు, ఇప్పటికే మీకు తెలుసనుకుంటున్న ఓ రెండువందల మామూలు పదాలను లెర్నర్స్ డిక్షనరీలో మళ్లీ చూడండి. రైటింగ్, స్పీకింగ్ స్కోరును పైకి లాగేవి అవే.

మామూలు డిక్షనరీకీ లెర్నర్స్ డిక్షనరీకీ తేడా ఏమిటో ముందు చెప్పాలి. ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు చదివేటప్పుడు అడ్డుపడిన పదం అర్థం చెబుతుంది, ఆ పని బాగా చేస్తుంది. లెర్నర్స్ డిక్షనరీ ఆ పదాన్ని మీరు రాయడానికి, పలకడానికి తయారుచేసింది. ఈ ఆలోచన పుట్టింది ఇంగ్లండ్ బడుల్లో కాదు, ఇంగ్లిష్‌ను పరాయి భాషగా నేర్పిన క్లాసుల్లో. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన మైఖేల్ వెస్ట్ 1935లో ఒక నిఘంటువు తెచ్చారు. అందులో వివరణలన్నీ 1490 తేలిక పదాలతోనే రాశారు. జపాన్‌లో ఇంగ్లిష్ చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ తన సహచరులతో కలిసి చేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. ఏ క్రియ తర్వాత ఏమి రావాలో అందులో నమూనాలుగా చూపించారు. 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించిన ఆ పుస్తకమే పెరిగి పెరిగి ఇవాళ మన చేతిలో ఉన్న ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ అయింది. లాంగ్‌మన్, కేంబ్రిడ్జ్, కాలిన్స్ కోబిల్డ్ కూడా ఇదే కోవలోవి. వీటన్నిటినీ నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. ఏదో ఒకటి ఎంచుకుని దాని గుర్తులు అలవాటు చేసుకోండి. ఒకటి బాగా వస్తే మిగతావి వాటంతటవే అర్థమవుతాయి.

ఇప్పుడు ఒకే ఒక్క పదాన్ని పట్టుకుని చివరిదాకా వెళ్దాం. అకడమిక్ ఐఈఎల్‌టీఎస్ రైటింగ్ మొదటి టాస్క్‌లో గ్రాఫో, పట్టికో ఇచ్చి కనీసం 150 పదాల్లో వివరించమంటారు. అక్కడ అందరి కలానికీ మొదట తగిలే పదం increase. మనలో ఎక్కువమంది దాన్ని ‘ఇంక్రీజ్’ అంటాం. తెలియదని చెప్పేవాళ్లు ఉండరు. అందుకే దాన్ని డిక్షనరీలో చూసేవాళ్లూ ఉండరు.

ముందు ఉచ్చారణ

పదం టైప్ చేయగానే క్రియకు /ɪnˈkriːs/ అని, నామవాచకానికి /ˈɪnkriːs/ అని రెండు వేర్వేరు ఉచ్చారణలు కనిపిస్తాయి. కొన్ని నిఘంటువుల్లో n బదులు తోకున్న ŋ ఉంటుంది, దానికి కంగారు పడక్కర్లేదు. ఈ చిన్న వరుసలో మనం పట్టుకోవాల్సినవి రెండున్నాయి.

మొదటిది చివరి శబ్దం. అక్కడున్నది s. అంటే పదం ‘స్’తో ముగుస్తుంది, ‘జ్’తో కాదు. మనం చిన్నప్పటి నుంచీ ఇంక్రీజ్, డిక్రీజ్ అనే అంటున్నాం, అంతటా అదే వింటున్నాం కాబట్టి అనుమానమే రాలేదు. భూతకాలంలో ఆ ‘స్’ పక్కన -ed చేరితే /ɪnˈkriːst/ అవుతుంది, అంటే ‘ఇంక్రీస్ట్’. చివర వినిపించేది ‘ట్’, ‘డ్’ కాదు.

రెండోది పైన నిలబడిన చిన్న గీత. అది ఊనిక గుర్తు. ఈ నిఘంటువుల్లో ఆ గీత ఊనిక పడే అక్షరానికి ముందు ఉంటుంది, తర్వాత కాదు. చాలామంది ఇక్కడే తిరగేసి చదువుతారు. /ɪnˈkriːs/లో గీత k ముందు ఉంది కాబట్టి బరువు ‘క్రీస్’ మీద. /ˈɪnkriːs/లో గీత అన్నిటికంటే ముందు ఉంది కాబట్టి బరువు ‘ఇన్’ మీద. ‘పెరిగింది’ అనే క్రియకు వెనక బరువు, ‘పెరుగుదల’ అనే నామవాచకానికి ముందు బరువు అన్నమాట.

తెలుగులో ఏ అక్షరం మీద ఒత్తి పలికినా పదం మారదు. అందుకే ఈ గీత మన కంటికి ఆనదు. ఇంగ్లిష్‌లో ఊనిక పడిన అక్షరం కొంచెం సాగుతుంది, గట్టిగా వినబడుతుంది, గొంతు స్థాయి మారుతుంది. మిగతా అక్షరాలు చాలావరకు నలిగిపోతాయి. నలిగిన చోట డిక్షనరీలో తరచూ తలకిందులైన e లాంటి ə గుర్తు ఉంటుంది. ఈ శబ్దానికి తెలుగులో అక్షరం లేదు. కాబట్టి డిక్షనరీ చూసి పక్కన తెలుగులో ఉచ్చారణ రాసుకునే అలవాటు మానుకోవాలి. రాసిన మరుక్షణం ఆ నలిగిన అచ్చు నిండు ‘అ’గానో ‘ఎ’గానో మారిపోతుంది, ఊనిక గీత ఎగిరిపోతుంది. గుర్తులనే యథాతథంగా ఎక్కించుకోండి. అన్నీ నేర్చుకోనక్కర్లేదు. ఊనిక గీత, ə, అచ్చును సాగదీసే రెండు చుక్కల గుర్తు, s-z తేడా, ఈ నాలుగూ తెలిస్తే మొదటి నెలకు సరిపోతుంది.

ఇది స్పీకింగ్‌కే పనికొస్తుందనుకుంటే పొరపాటు. ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్‌లో రికార్డింగ్ ఒక్కసారే వినిపిస్తారు. మన చెవి ‘డెవలప్’ కోసం, మొదటి అక్షరం మీద బరువు కోసం ఎదురుచూస్తుంటుంది. అక్కడ వచ్చేది /dɪˈveləp/, బరువు ‘వె’ మీద. ‘కంఫర్టబుల్’ కోసం చూస్తుంటే /ˈkʌmftəbl/ అని సగం అక్షరాలు మింగేసి వస్తుంది. స్పెల్లింగ్ తెలిసిన, అర్థం తెలిసిన పదమే చెవి దాటిపోతుంది. లిజనింగ్‌లో ‘చాలా స్పీడుగా మాట్లాడుతున్నారు’ అని వాపోయేవాళ్లను ట్రాన్‌స్క్రిప్ట్ చూసి తప్పిన జవాబుల కింద గీత గీయమంటే, వాటిలో చాలావరకు తెలిసిన పదాలే బయటపడతాయి. వాటిని ఒక్కొక్కటిగా డిక్షనరీలో వినాలి. అదే అసలైన లిజనింగ్ సాధన.

సాధన ఇలా చేయండి. స్పీకర్ బొమ్మ నొక్కి రెండుసార్లు ఊరికే వినండి. మూడోసారి బరువు పడిన అక్షరం దగ్గర బల్ల మీద వేలితో కొట్టండి. తర్వాత ఫోన్‌లో మీ గొంతు రికార్డు చేసి, డిక్షనరీ గొంతు వెంటనే మీది వినండి. తేడా తెలియకపోతే ఒక్క పదంతో కాక వాక్యంతో పరీక్షించుకోండి. ‘ఫీజ్ ఇంక్రీస్ట్, అండ్ ది ఇంక్రీస్ వజ్ షార్ప్’ అని పలికి వినండి. రెండుచోట్లా బరువు ఒకే అక్షరం మీద పడుతుంటే ఇంకా రాలేదన్నట్టు.

బ్రిటిష్, అమెరికన్ ఉచ్చారణలు రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఏదైనా ఒకటి పట్టుకోండి. స్పీకింగ్‌లో పరీక్షకుడు చూసే నాలుగు అంశాల్లో ఉచ్చారణ ఒకటి, నాలుగింటికీ సమాన వెయిటేజీ. అక్కడ కొలిచేది మీ యాస ఏ దేశానిదని కాదు. మాట సులువుగా అర్థమవుతోందా, ఊనిక, స్వరం అర్థానికి తోడుపడుతున్నాయా అని. అందువల్ల గొంతు మార్చి దొరల్లా మాట్లాడే ప్రయత్నం వద్దు, ఊనిక సరిచేసుకుంటే చాలు.

ఉదాహరణ వాక్యాన్ని ఎలా చదవాలి

ఇక అర్థం కింద ఉన్న భాగానికి వద్దాం. మనవాళ్లు ఎక్కువగా దాటేసేది ఇక్కడే.

క్లాసులో ఒకసారి అందరికీ తెలిసిన విషయమే గ్రాఫ్‌గా ఇచ్చాను. హాస్టల్ ఫీజు నెలకు 5000 ఉండేది, ఇప్పుడు 6000 అయింది. దీన్ని ఒక వాక్యంలో చెప్పమంటే నరసరావుపేట నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఇలా రాసింది: ‘ది హాస్టల్ ఫీ వజ్ హెవీలీ ఇంక్రీజ్డ్ అప్‌టు 1000 రుపీస్.’ చురుకైన పిల్ల, గ్రామర్ సూత్రాలు కంఠతా వచ్చు. అయినా ఆ చిన్న వాక్యంలో మూడు చోట్ల తేడా ఉంది. మూడింటికీ మందు డిక్షనరీలో ఆ ఒక్క పదం కిందే ఉంది.

మొదటి చోటు ‘వజ్ ఇంక్రీజ్డ్’. తెలుగులో పెరగడం వేరు, పెంచడం వేరు. ఫీజు పెరిగింది, యాజమాన్యం ఫీజు పెంచింది. మనకు రెండు క్రియలున్నాయి, ఇంగ్లిష్‌లో రెండు పనులూ ఇదే పదం చేస్తుంది. డిక్షనరీలో ఆ పదం పక్కన ఇన్‌ట్రాన్సిటివ్, ట్రాన్సిటివ్ అని రెండూ రాసి ఉండేది అందుకే. ముద్రిత పుస్తకాల్లో I, T అని పొడి అక్షరాలు ఉంటాయి. I అంటే దానంతటదే పెరగడం, T అంటే ఎవరో పెంచడం. జనాభా, ఉష్ణోగ్రత, వర్షపాతం లాంటివి ఒకరు పెంచితే పెరిగేవి కావు కాబట్టి ‘పాపులేషన్ వజ్ ఇంక్రీస్ట్’ అంటే ఎవరో పనిగట్టుకుని పెంచినట్టు ధ్వనిస్తుంది. ‘పాపులేషన్ ఇంక్రీస్ట్’ అంటే సరిపోతుంది. ఫీజు విషయంలో రెండూ నడుస్తాయి, చెప్పదలచుకున్నది పెరిగిందనా, పెంచారనా అన్నదాన్ని బట్టి. అనుమానం వస్తే వాక్యాన్ని తెలుగులో అనుకుని చూడండి. ‘పెరిగింది’ అని వస్తే ‘వజ్’ తీసేయండి.

రెండో చోటు ‘అప్‌టు 1000’. డిక్షనరీలో ఆ క్రియ తర్వాత వచ్చే ప్రిపోజిషన్లను ముదురు అక్షరాల్లో చూపిస్తారు. బై, ఫ్రమ్, టు కనిపిస్తాయి, ఒక్కోదానికి ఒక ఉదాహరణ వాక్యం ఉంటుంది. ఆ వాక్యాన్ని కథలా చదివేయకండి. అందులోని అంకె దేని అంకో చూడండి, ఎంత పెరిగిందో చెప్పే అంకెనా, ఎంతకు చేరిందో చెప్పే అంకెనా అని. బై పక్కన వచ్చేది పెరిగిన మొత్తం, టు పక్కన వచ్చేది చేరిన మొత్తం. మన ఫీజు 5000 నుంచి 6000కు చేరింది. కాబట్టి ‘ఇంక్రీస్ట్ ఫ్రమ్ 5000 టు 6000’ అనాలి, లేదా ‘ఇంక్రీస్ట్ బై 1000’ అనాలి. ‘ఇంక్రీస్ట్ టు 1000’ అంటే ఫీజు వెయ్యికి చేరిందని అర్థం. అలాంటి హాస్టల్ దొరికితే మంచిదే, కానీ గ్రాఫ్‌లో ఉన్నది అది కాదు. తెలుగులో ‘వెయ్యి పెరిగింది’, ‘ఆరువేలకు పెరిగింది’ అని ఒక్క ‘కు’తో మనం ఈ తేడాను రోజూ పాటిస్తూనే ఉన్నాం. ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి వదిలేస్తున్నాం.

అదే పదం నామవాచకమైతే ప్రిపోజిషన్లు మారతాయి. దేనిలో పెరుగుదల అని చెప్పడానికి ఇన్, ఎంత పెరుగుదల అని చెప్పడానికి ఆఫ్. ‘యాన్ ఇంక్రీస్ ఆఫ్ 1000 రుపీస్ ఇన్ ది హాస్టల్ ఫీ’ అన్నమాట. మనవాళ్ల చేతి రాతలో ‘ఇంక్రీజ్ ఆఫ్ పాపులేషన్’ అనేది తరచూ కనిపిస్తుంది. ఒక వాక్యంలో ఇన్, ఆఫ్ తమ తమ చోట్ల ఎలా నిలబడ్డాయో చూసి, జనాభా తీసి ఫీజు పెట్టి, ఫీజు తీసి ధాన్యం దిగుబడి పెట్టి మూడు సొంత వాక్యాలు రాస్తే ఆ నమూనా చేతికి పడుతుంది. డిక్షనరీ వాక్యాన్ని మాత్రం కంఠస్థం చేసి పరీక్షలో దించకండి. బట్టీ పట్టిన వాక్యాలు చుట్టూ ఉన్న మీ సొంత భాషతో అతకవు, దిద్దేవాళ్లకు ఇట్టే తెలిసిపోతాయి. తీసుకోవాల్సింది వాక్యాన్ని కాదు, దాని ఎముకల గూడును.

బ్యాంకు, ఎస్‌ఎస్‌సీ పరీక్షలు రాసేవాళ్లకు ఉచ్చారణతో పనిలేదు గానీ ఈ ముదురు అక్షరాల భాగం వాళ్లకే ఎక్కువ అవసరం. ఎర్రర్ స్పాటింగ్, క్లోజ్ టెస్ట్ చాలావరకు దీనిమీదే నడుస్తాయి. ‘డిస్కస్ అబౌట్’ తప్పని కోచింగ్ నోట్సులో చదివి గుర్తుపెట్టుకోవడం ఒక పద్ధతి. డిక్షనరీలో డిస్కస్ పక్కన నేరుగా ‘సంథింగ్’ వచ్చిందని, మధ్యలో ప్రిపోజిషన్ లేదని కళ్లతో చూడటం ఇంకో పద్ధతి. రెండోది అలవాటైతే నోట్సులో లేని పదం వచ్చినా వెతుక్కోగలరు.

పక్కన ఏ మాట నిలుస్తుంది

మూడో చోటు ‘హెవీలీ’. తెలుగులో ‘బాగా’ అనే ఒక్క మాట అన్నిటికీ పనికొస్తుంది. వర్షం బాగా పడింది, ట్రాఫిక్ బాగా ఉంది, ఫీజు బాగా పెరిగింది. ఇంగ్లిష్‌లో వర్షానికి, ట్రాఫిక్‌కు హెవీ నప్పుతుంది, పెరుగుదలకు నప్పదు. ఇలా ఏ మాట పక్కన ఏది సహజంగా కూర్చుంటుందో దాన్నే కొలొకేషన్ అంటారు. దీన్ని తర్కంతో పట్టుకోలేం, చూసి తెలుసుకోవాల్సిందే. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో 7 బ్యాండ్ వర్ణనలో కొలొకేషన్ అనే మాటను పేరుపెట్టి ప్రస్తావించారు. అరుదైన పదాలు ఎన్ని వాడారన్నది ఒక్కటే కాదు, అవి నప్పే చోట పడ్డాయా అనేదీ చూస్తారు.

లాంగ్‌మన్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లో ముఖ్యమైన పదాల కింద కొలొకేషన్ల పెట్టె ఒకటి ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వీటికే విడిగా ఒక నిఘంటువు వేశారు. మన పదం కింద చూస్తే షార్ప్, స్టీప్, సిగ్నిఫికెంట్, స్లైట్, స్టెడీ, గ్రాడ్యువల్ లాంటివి దొరుకుతాయి. ఇక్కడ ఆగిపోయి వరుసగా ఎక్కించుకుంటే మళ్లీ పదాల జాబితాయే తయారవుతుంది. వాటిని విడదీయాలి. సిగ్నిఫికెంట్, స్లైట్ అనేవి ఎంత పెరిగిందో చెబుతాయి. గ్రాడ్యువల్ ఎంత నెమ్మదిగా పెరిగిందో చెబుతుంది. షార్ప్, స్టీప్ రెండూ చెబుతాయి, తక్కువ సమయంలో ఎక్కువ పెరిగిందని. స్టెడీ అంటే ఒడిదొడుకులు లేకుండా క్రమంగా అని. గ్రాఫ్ గీత మధ్యలో ఒకసారి కిందికి దిగి లేచిందనుకోండి, మొదలు తక్కువ, చివర ఎక్కువ కదా అని ‘స్టెడీ’ రాస్తే ఇంగ్లిష్ సరే గానీ వివరం తప్పవుతుంది. ఐదువేలు ఒక్కసారిగా ఆరువేలైన మన హాస్టల్ ఫీజు స్టెడీ కాదు, గ్రాడ్యువల్ కాదు. షార్ప్ అనవచ్చు, సిగ్నిఫికెంట్ అనవచ్చు.

అమ్మాయి వాక్యం చివరకు ఇలా తేలింది: ‘ది హాస్టల్ ఫీ ఇంక్రీస్ట్ షార్ప్‌లీ, ఫ్రమ్ 5000 టు 6000 రుపీస్ ఎ మంత్.’ ఇందులో ఒక్క కొత్త పదం లేదు. ఇదే విషయాన్ని నామవాచకంతో తిప్పి చెప్పమంటే ‘దేర్ వజ్ ఎ షార్ప్ ఇంక్రీస్ ఆఫ్ 20 పర్సెంట్ ఇన్ ది హాస్టల్ ఫీ’ అని తనే రాసింది. ఒకే పదాన్ని క్రియగా ఒకసారి, నామవాచకంగా ఒకసారి వాడటం వస్తే 150 పదాల జవాబులో వాక్యాలు ఒకేలా ఉన్నాయనే ఫిర్యాదు సగం తగ్గుతుంది.

పదం మార్చాలని థెసారస్ తెరిచి ‘ఆగ్మెంట్’ లాంటిది దించేవాళ్లున్నారు. డిక్షనరీలో ఆ పదం పక్కన ఫార్మల్ అని ఉంటుంది, దాని వెనకే ‘సంథింగ్’ ఉంటుంది. అంటే అది ‘పెంచడం’ మాత్రమే, ‘పెరగడం’ కాదు. ‘పాపులేషన్ ఆగ్మెంటెడ్’ అని రాస్తే నిలవదు. పర్యాయపదం కావాలంటే రైజ్, గ్రో లాంటి మామూలువే తీసుకుని, ఒక్కోదాన్నీ ఇదే పద్ధతిలో చూడండి. ‘రైజ్’ క్రియగా పెరగడానికే వస్తుంది. పెంచడానికి a, i ఉన్న వేరే ‘రెయిజ్’ ఉంది. రెండూ తెలుగులో రాస్తే దాదాపు ఒకేలా కనిపిస్తాయి, డిక్షనరీలో వాటి అచ్చులు వేరు, పక్కన I, T వేరు.

డిక్షనరీకి తీరని పనులూ ఉన్నాయి. పెట్టెలో లేని ప్రతి జోడీ తప్పు కాదు, స్థలం చాలక వదిలేసినవి ఉంటాయి. ఒక జోడీ లేదనిపిస్తే మరో లెర్నర్స్ డిక్షనరీలో చూడండి, అక్కడా లేకపోతే పరీక్షలో వాడకండి. కొన్నిసార్లు తప్పని మనకు చెప్పిందే డిక్షనరీలో ఒప్పుగా కనిపిస్తుంది. ‘నిర్ణయం తీసుకోవడం’ అనే తెలుగు ప్రభావంతో ‘టేక్ ఎ డిసిషన్’ అంటున్నామని, ‘మేక్’ అనే అనాలని క్లాసుల్లో దిద్దుతుంటారు. బ్రిటిష్ వాడుకలో టేక్ కూడా ఉందని నిఘంటువు చూపిస్తుంది. అలాగే డిక్షనరీ ఎక్కువగా విడి పదం పలకడమే వినిపిస్తుంది, మాటల ప్రవాహంలో ఆ పదం ముందూ వెనకా పదాలతో ఎలా కలిసిపోతుందో అంతగా వినిపించదు. దానికి వార్తలో, ఇంటర్వ్యూలో వినాల్సిందే.

నోటుపుస్తకంలో పదానికి ఒక పేజీ ఇవ్వండి. పైన ఊనిక గీతతో సహా ఉచ్చారణ, దాని కింద I, T ఏముంటే అది, తర్వాత ప్రిపోజిషన్లు. నప్పే మాటలు ఐదారుకు మించి వద్దు. మిగతా పేజీ మీ సొంత వాక్యాలకు, మీకు నిజంగా తెలిసిన విషయాల మీద, మీ ఊరి బస్సు చార్జీ, మీ పొలం దిగుబడి, మీ గది అద్దె. ఒక పదానికి ఇరవై నిమిషాలు పడుతుంది, రోజుకు రెండు చాలు. వారం తర్వాత పేజీ పైభాగం చేత్తో మూసి, సొంత వాక్యాల్లో ప్రిపోజిషన్ల చోటు ఖాళీ పెట్టుకుని నింపండి. తప్పిన పేజీ మూల మడిచిపెట్టి, మరుసటి వారం దాన్నే ముందు చూడండి. ఏ పదాలతో మొదలుపెట్టాలో తోచకపోతే ఆక్స్‌ఫర్డ్ 3000 జాబితాలో ఏ1 నుంచి బీ2 వరకు స్థాయి గుర్తులతో పదాలున్నాయి. ఏ2, బీ1, బీ2 గుర్తున్నవాటిలోంచి ఎఫర్ట్, ఇంపాక్ట్, సొల్యూషన్, రెస్పాన్సిబిలిటీ, ఎఫెక్ట్ లాంటివి తీయండి. రెండో టాస్క్ వ్యాసంలో ఏ అంశం వచ్చినా వీటితో పని పడుతుంది. ఇంపాక్ట్ తర్వాత ఆన్, సొల్యూషన్ తర్వాత టు, రెస్పాన్సిబిలిటీ తర్వాత ఫర్, ఎఫర్ట్ ముందు మేక్ ఎందుకు వచ్చాయో వెతకకండి. వచ్చాయని చూసి, మీ వాక్యంలో పెట్టుకోండి.